సర్‌ప్లస్‌లో 5 లక్షల తేడా: డివిడెండ్ ఏ ఏడాది లెక్కలో రాయాలి?

శ్రీను_మిర్యాలగూడ (5 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. మిర్యాలగూడలో ఒక పారాబాయిల్డ్ రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మాది కుటుంబానికి చెందిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, వాటాదారులు ఏడుగురు. పెయిడప్ క్యాపిటల్ కోటి రూపాయలు, 10 రూపాయల షేర్లు 10 లక్షలు.

2024-25 లెక్కలు ఫైనల్ చేస్తున్నాం. పన్ను పోగా లాభం 31,60,000. పోయినేడాది ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్‌లో సర్‌ప్లస్ నిల్వ 12,40,000, జనరల్ రిజర్వు 38,00,000. ఇప్పుడు మా సేటు లాభంలో 10 శాతం, అంటే 3,16,000 జనరల్ రిజర్వుకు వేయమన్నారు. డివిడెండ్ 15 శాతం, అంటే 15 లక్షలు ఇద్దామన్నారు.

పాత అకౌంటెంట్ వదిలి వెళ్ళిన ఎక్సెల్ షీట్‌లో అంకెలు వేస్తే చివర మిగిలేది 25,84,000 వచ్చింది. ఆడిటర్ ఆఫీసు వాళ్ళు మాత్రం 30,84,000 ఉండాలని వెనక్కి పంపారు. కారణం రాయలేదు, ఫోన్ చేస్తే "పాత ఫార్మాట్ మార్చు" అని పెట్టేశారు. సరిగ్గా 5 లక్షలు తేడా. మేం ఇచ్చేది 15 లక్షలు కదా, ఈ 5 లక్షలు ఎక్కడివి? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

విశ్రాంత_బ్యాంకర్ (5 సెప్టెంబర్, రాత్రి 10:15)

తేడా సంగతి లెడ్జర్ చూస్తేగాని చెప్పలేం. రిజర్వు విషయంలో మాత్రం మీ సేటు చెప్పిందే కరెక్టు. డివిడెండ్ ఇచ్చే ప్రతి కంపెనీ లాభంలో కనీసం 10 శాతం జనరల్ రిజర్వుకు వేయాల్సిందే, అది చట్టం. బ్యాంకుల్లో అయితే ఇంకా ఎక్కువ వేస్తాం. నేను 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, రిజర్వుకు వేయకుండా డివిడెండ్ ఇచ్చిన కంపెనీ బ్యాలెన్స్ షీట్ నా టేబుల్ మీదికి ఎప్పుడూ రాలేదు.

ఆడిట్_నల్లగొండ (6 సెప్టెంబర్, ఉదయం 7:05)

శ్రీనూ, ముందు ఒక పని చెయ్యి. ట్యాలీలో "ప్రపోజ్డ్ డివిడెండ్" అనో "ప్రొవిజన్ ఫర్ డివిడెండ్" అనో ఒక లెడ్జర్ ఉంటుంది. 15 లక్షల ఎంట్రీ వేయకముందు అందులో నిల్వ ఎంత, డెబిట్టా క్రెడిట్టా చూసి చెప్పు. ఇంకో ప్రశ్న: 2024 సెప్టెంబర్ వార్షిక సమావేశంలో డివిడెండ్ ఇచ్చారా? ఇస్తే ఎంత?

శ్రీను_మిర్యాలగూడ (6 సెప్టెంబర్, ఉదయం 10:20)

చూశాను సార్. ప్రొవిజన్ ఫర్ డివిడెండ్ లెడ్జర్‌లో 10,00,000 డెబిట్ ఉంది. పోయిన సెప్టెంబర్‌లో 10 శాతం ఇచ్చారట, అంటే 10 లక్షలు. అప్పుడు నేనింకా చేరలేదు. నేను 15 లక్షలు క్రెడిట్ వేశాక ఆ లెడ్జర్ 5 లక్షలు క్రెడిట్ చూపిస్తోంది. 5 లక్షలు ఇక్కడ దొరికాయి సార్. కానీ ఎందుకో అర్థం కాలేదు.

ఆడిట్_నల్లగొండ (6 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:50)

సగం పని నువ్వే చేశావు. ప్రొవిజన్ లెడ్జర్ అప్పు కిందికి వచ్చేది, అందులో డెబిట్ నిల్వ కనబడిందంటేనే అనుమానం రావాలి. కట్టాల్సింది రాసుకోకుండానే కట్టేసినట్టు అది చెబుతోంది.

2015-16 దాకా పద్ధతి వేరు. బోర్డు మే నెలలోనో ఆగస్టులోనో డివిడెండ్ సిఫారసు చేసినా, దాన్ని మార్చి 31 తేదీతోనే లాభంలోంచి తీసి ప్రొవిజన్‌గా చూపేవాళ్ళం. 2016 మార్చిలో అకౌంటింగ్ స్టాండర్డ్ 4 సవరించారు. 2016-17 నుంచి, బ్యాలెన్స్ షీట్ తేదీ తర్వాత ప్రతిపాదించిన డివిడెండ్‌ను అప్పుగా చూపడానికి వీల్లేదు. నోట్స్‌లో చెబితే చాలు. మార్చి 31 నాటికి ఆ డబ్బు వాటాదారులకు ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీ మీద లేదు. బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది, ఇచ్చేది లేనిది తేల్చేది సెప్టెంబర్‌లో జరిగే వార్షిక సమావేశం.

మీ ఎక్సెల్ షీట్ 2016కు ముందుది. పోయినేడాది ఆడిట్ అయిన లెక్కలు మాత్రం కొత్త పద్ధతిలో ఉన్నాయి. అందుకే ఆ 12,40,000లో 2023-24 డివిడెండ్ ఇంకా తీయలేదు. అది 2024 సెప్టెంబర్‌లో ప్రకటించి కట్టారు, అంటే 2024-25 లెక్కలో పడాలి. పాత అకౌంటెంట్ ప్రొవిజన్ ఉందనుకుని, లేనిదాంట్లోంచి కట్టాడు. అందుకే 10 లక్షల డెబిట్.

లెక్క ఇలా రావాలి:

```
2024 ఏప్రిల్ 1 సర్‌ప్లస్ నిల్వ              12,40,000
కలుపు: 2024-25 పన్ను పోగా లాభం            31,60,000
మొత్తం                                    44,00,000
తీసివేత: 2023-24 డివిడెండ్ (2024 సెప్టెంబర్)  10,00,000
తీసివేత: జనరల్ రిజర్వుకు                    3,16,000
2025 మార్చి 31 సర్‌ప్లస్ నిల్వ              30,84,000
```

15 లక్షలు ఈ పట్టికలో ఎక్కడా లేదు చూడు. దాని ఎంట్రీ ఈ సెప్టెంబర్ సమావేశం రోజు 2025-26 పుస్తకాల్లో పడుతుంది. నీ షీట్ ఈ ఏడాది తీయకూడని 15 తీసి, తీయాల్సిన 10 వదిలేసింది. ఆ రెండింటి తేడానే నీ 5 లక్షలు.

ఎంట్రీ సరిచేయడానికి: నువ్వు వేసిన 15 లక్షల జర్నల్ తీసెయ్. సర్‌ప్లస్ డెబిట్, ప్రొవిజన్ ఫర్ డివిడెండ్ క్రెడిట్ అని 10 లక్షలకు ఒక జర్నల్ వెయ్. ప్రొవిజన్ లెడ్జర్ సున్నా అవుతుంది. తర్వాత ఆ లెడ్జర్ వాడకు, "డివిడెండ్ పేయబుల్" అని కొత్తది తెరువు.

శ్రీను_మిర్యాలగూడ (6 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:30)

సార్, సరిగ్గా 30,84,000 వచ్చింది. చాలా థ్యాంక్స్. ఒక్కటి. డివిడెండ్ సెప్టెంబర్‌లో పడుతుందంటే, జనరల్ రిజర్వు 3,16,000 మాత్రం మార్చి 31కే ఎందుకు పడుతోంది? రెండూ ఒకే బోర్డు మీటింగ్‌లోనే కదా తేల్చేది?

ఆడిట్_నల్లగొండ (6 సెప్టెంబర్, సాయంత్రం 6:10)

రిజర్వుకు వేస్తే డబ్బు కంపెనీ దాటి బయటికి పోదు. వాటాదారుల సొమ్ములోనే ఒక పేరు కింద నుంచి ఇంకో పేరు కిందికి మారుతుంది, అంతే. డివిడెండ్ అలా కాదు, అది బయటి మనుషులకు కట్టాల్సిన బాకీ, ఆ బాకీ సమావేశం తీర్మానంతోనే పుడుతుంది.

ఇక పెద్దాయన చెప్పిన 10 శాతం సంగతి. సార్, మీ మాటలో సగం నిజం ఉంది, కానీ అది పాత చట్టం. 1956 చట్టం కింద 1975లో వచ్చిన రూల్స్‌లో శ్లాబులు ఉండేవి. డివిడెండ్ 10 శాతం దాటకపోతే రిజర్వుకు ఏమీ వేయనక్కర్లేదు. దాటితే లాభంలో రెండున్నర శాతం నుంచి మొదలై, డివిడెండ్ 20 శాతం దాటినప్పుడే 10 శాతానికి చేరేది. 15 శాతం డివిడెండ్‌కు అప్పట్లో కూడా లాభంలో 5 శాతమే. 2014 ఏప్రిల్ 1 నుంచి 2013 చట్టం సెక్షన్ 123 అమల్లోకి వచ్చాక అదీ పోయింది. కంపెనీకి తగినంత అనిపించింది వేసుకోవచ్చు, అసలు వేయకపోయినా తప్పు లేదు. బ్యాంకులకు మాత్రం వేరే చట్టం ఉంది, అక్కడ తప్పనిసరి. మీ అలవాటు అక్కడిది.

విశ్రాంత_బ్యాంకర్ (6 సెప్టెంబర్, రాత్రి 8:00)

సరే, చట్టం మారితే మారిందనుకుందాం. మంచి అలవాటు మారదు కదా. రిజర్వు బలంగా ఉంటే క్యాష్ క్రెడిట్ లిమిట్ పెంచమని అడిగినప్పుడు బ్యాంకుకు ధైర్యం.

పాలమూరు_సీఎస్ (6 సెప్టెంబర్, రాత్రి 9:25)

నమస్తే సార్. మాది మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లో కంపెనీ సెక్రటరీగా చేస్తున్నాను. బ్యాంకు చూసేది నెట్‌వర్త్‌ను కదా. జనరల్ రిజర్వు అయినా, సర్‌ప్లస్ అయినా రెండూ అందులోనే కలుస్తాయి. 3,16,000 అటు మార్చినా ఇటు ఉంచినా శ్రీను గారి కంపెనీ నెట్‌వర్త్‌లో ఒక్క రూపాయి తేడా రాదు. బ్యాంకు నిజంగా పట్టించుకునేది డివిడెండ్ బయటికి పోవడాన్ని. శ్రీను గారూ, మీ లిమిట్ శాంక్షన్ లెటర్ ఒకసారి తీయండి. బ్యాంకు అనుమతి లేకుండా డివిడెండ్ ఇవ్వకూడదని చాలా లెటర్లలో ఒక షరతు ఉంటుంది. మిల్లుల వాళ్ళు దాన్ని చదవరు.

విశ్రాంత_బ్యాంకర్ (6 సెప్టెంబర్, రాత్రి 9:50)

ఆ షరతు మేమే పెట్టేవాళ్ళం. చదవరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నెట్‌వర్త్ గురించి కూడా మీరన్నది సరే. అయినా "జనరల్ రిజర్వు" అన్న మాట బ్యాలెన్స్ షీట్‌లో కనబడితే ఒక నమ్మకం.

గద్వాల_సుజాత (7 సెప్టెంబర్, ఉదయం 11:15)

నాది కూడా ఇలాంటి సమస్యే, ఇక్కడ అడగొచ్చా? మా నాన్న పోయాక ఒక జిన్నింగ్ మిల్లు కంపెనీలో నాకు 60,000 షేర్లు వచ్చాయి. మొత్తం 8 లక్షల షేర్లు, వాటాదారులం తొమ్మిది మందిమి. నడిపేది మా పెదనాన్న కొడుకులు. ఏటా లాభం చూపిస్తారు, రిజర్వులో 90 లక్షలు ఉన్నట్టు రాశారు, డివిడెండ్ మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. "రిజర్వులో భద్రంగా ఉందమ్మా" అంటారు. ఆ 90 లక్షలు ఏ బ్యాంకులో ఉన్నాయో చెప్పమంటే నవ్వుతారు. సమావేశంలో నేనే 10 శాతం డివిడెండ్ ఇవ్వాలని తీర్మానం పెట్టొచ్చా?

ఆడిట్_నల్లగొండ (7 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:40)

సుజాత గారూ, వాళ్ళు నవ్వడం తప్పు, కానీ ఆ డబ్బు బ్యాంకులో ఉండాలన్న రూలేమీ లేదు. రిజర్వు అనేది బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు ఉండే అంకె. వాటాదారుల లాభంలో ఇంత పంచకుండా కంపెనీలో ఉంచేశాం అని అది చెబుతుంది. ఉంచిన ఆ డబ్బుతో పత్తి కొన్నారా, ప్రెస్ మిషన్ కొన్నారా, ఎవరి దగ్గరైనా బకాయి పడి ఉందా అన్నది ఆస్తుల వైపు చూడాలి. శ్రీను మిల్లులో కూడా సర్‌ప్లస్, రిజర్వు కలిపి 70 లక్షల దాకా ఉన్నా, అందులో ఎక్కువ భాగం వడ్ల నిల్వలోనో, సివిల్ సప్లైస్ నుంచి రావాల్సిన మిల్లింగ్ చార్జీల్లోనో ఉంటుంది.

మీరు చూడాల్సింది ఆస్తుల వైపే. లాభం ఏటా పెరుగుతూ, దానికి తగ్గట్టు డైరెక్టర్లకు ఇచ్చిన అడ్వాన్సులు కూడా పెరుగుతుంటే, డివిడెండ్ మీకు రాలేదు గానీ డబ్బు మాత్రం ఎవరికో చేరుతోందని అర్థం. ఆడిట్ అయిన లెక్కల కాపీ సభ్యురాలిగా మీకు ఇవ్వాలి, అడగండి.

తీర్మానం సంగతి. బోర్డు సిఫారసు చేసిన దానికన్నా ఎక్కువ డివిడెండ్ సమావేశం ప్రకటించలేదు. చాలా ప్రైవేట్ కంపెనీల ఆర్టికల్స్‌లో ఇదే ఉంటుంది. తగ్గించొచ్చు, పెంచడం కుదరదు. బోర్డు సిఫారసే చేయకపోతే మీరు పెట్టేది నిలవదు.

పాలమూరు_సీఎస్ (7 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:30)

మేడమ్, దానికి ఒక మాట. కంపెనీ లా ట్రిబ్యునల్‌కు అణచివేత ఫిర్యాదు చేయాలంటే 10 శాతం షేర్లు ఉండాలని చాలామంది అనుకుంటారు, మీకేమో ఏడున్నర శాతమే. కానీ సభ్యుల సంఖ్యలో పదో వంతు ఉన్నా చాలు. తొమ్మిది మందిలో మీరొక్కరే పదో వంతు కన్నా ఎక్కువ. ఐతే డివిడెండ్ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఫిర్యాదు గెలవడం చాలా కష్టం, ఆ అడ్వాన్సుల లాంటిది ఇంకేదైనా చూపాలి. లెక్కలు చేతికొచ్చాక ఒక లాయర్‌ను కలవండి.

గద్వాల_సుజాత (7 సెప్టెంబర్, సాయంత్రం 4:10)

అడ్వాన్సులు అని ఒక పెద్ద అంకె ఉన్నట్టు గుర్తు. ఆ కాగితాలు బయటికి తీస్తాను. థ్యాంక్స్ అన్నా.

మిల్లు_సూర్యాపేట (7 సెప్టెంబర్, రాత్రి 8:45)

ఇంత తంటా ఎందుకు? డివిడెండ్ ఇస్తే టీడీఎస్ కట్టాలి, తీసుకున్నోళ్ళు మళ్ళీ పన్ను కట్టాలి. మేమైతే కావాల్సినప్పుడు కంపెనీలోంచి లోన్‌గా తీసుకుంటాం. లాభం అట్లనే ముందుకు పోతుంటది, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆడిట్_నల్లగొండ (7 సెప్టెంబర్, రాత్రి 9:30)

అన్నా, ఈ మాట ఎక్కడా రాతపూర్వకంగా చెప్పకు. నీకు ఓటు హక్కు 10 శాతమో అంతకన్నా ఎక్కువో ఉంటే, కంపెనీలో పోగైన లాభం ఎంతో అంతవరకు ఆ లోన్‌ను డివిడెండ్‌గానే లెక్కేసి పన్ను వేస్తారు. తిరిగి కట్టేశానన్నా వదలరు. పైగా డైరెక్టర్లకు లోన్ ఇవ్వడం మీద కంపెనీల చట్టంలో వేరుగా గట్టి ఆంక్షలు ఉన్నాయి. లాభం ముందుకు పోతున్న కొద్దీ నీ మీద పన్ను పడే హద్దు కూడా పెరుగుతూ పోతుంది.

మిల్లు_సూర్యాపేట (7 సెప్టెంబర్, రాత్రి 9:42)

మా ఆడిటర్ ఎప్పుడూ చెప్పలేదే?

ఆడిట్_నల్లగొండ (7 సెప్టెంబర్, రాత్రి 9:47)

అడిగావా?

శ్రీను_మిర్యాలగూడ (8 సెప్టెంబర్, ఉదయం 9:30)

ఇంకో సమస్య వచ్చింది సార్. రిజర్వుకు వేయడం తప్పనిసరి కాదని మా సేటుకు చెప్పాను. ఆయన ఉల్టా అన్నారు: "తప్పనిసరి కాకపోతే ఇంకా మంచిది, మన ఇష్టమే కదా, ఈసారి 15 లక్షలు వేసెయ్. రిజర్వు పెద్దగా కనబడాలి. కావాలంటే వచ్చే ఏడాది అందులోంచే డివిడెండ్ ఇద్దాం." వేయనా?

ఆడిట్_నల్లగొండ (8 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15)

వేయకు. కారణం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదువు.

లాభం సర్‌ప్లస్‌లో ఉన్నంత కాలం అది "ఇంకా పంచని లాభం". ఏ తర్వాతి ఏడాదైనా దాంట్లోంచి డివిడెండ్ ఇవ్వడానికి సెక్షన్ 123 నేరుగా దారి ఇస్తుంది. తరుగుదల లెక్కలోకి తీసుకుని ఉండాలి, పాత నష్టాలు ఉంటే మినహాయించి ఉండాలి, అంతే. అదే లాభాన్ని జనరల్ రిజర్వు అనే పేరు కిందికి మార్చేశావనుకో, లాభం చాలని ఏడాదిలో దాన్ని బయటికి తీయాలంటే 2014 డివిడెండ్ రూల్స్‌లో మూడో రూల్ అడ్డొస్తుంది. అందులో మీకు తగిలేది ఒకటే: ప్రకటించే రేటు అంతకు ముందు మూడేళ్ళ సగటు రేటు దాటకూడదు. మిగతా హద్దులు కూడా ఉన్నాయి, మీ రిజర్వుకు అవి దూరం.

మీ అంకెలతోనే చూద్దాం. 2022-23కి ఎంత ఇచ్చారు?

శ్రీను_మిర్యాలగూడ (8 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:40)

5 శాతం సార్. ఆ ఏడాది మిల్లు చాలా రోజులు బంద్ ఉందట.

ఆడిట్_నల్లగొండ (8 సెప్టెంబర్, సాయంత్రం 5:20)

అయితే మూడేళ్ళ రేట్లు 5, 10, 15. సగటు 10.

2025-26లో సీజన్ బాగోక లాభం ఒక్క లక్షే వచ్చిందనుకుందాం. అయినా వాటాదారులు మళ్ళీ 15 శాతం అడిగారు. 3,16,000 మాత్రమే రిజర్వుకు వేసి ఉంటే, సర్‌ప్లస్ 30,84,000లోంచి ఈ సెప్టెంబర్ డివిడెండ్ 15 లక్షలు పోగా 15,84,000 మిగులుతుంది. లక్ష కలిపితే 16,84,000. 15 లక్షలు హాయిగా ఇవ్వొచ్చు, జనరల్ రిజర్వును ముట్టుకునే పని లేదు.

ఇప్పుడు సేటు అన్నట్టు 15 లక్షలు రిజర్వుకు వేశారనుకో. మార్చి 31 సర్‌ప్లస్ 19 లక్షలకు పడిపోతుంది. ఈ సెప్టెంబర్ డివిడెండ్ పోగా 4 లక్షలు, వచ్చే ఏడాది లక్ష కలిపితే 5 లక్షలు. ఇంకో 10 లక్షలు జనరల్ రిజర్వులోంచి తీయాలి. తీయబోతే మూడో రూల్ పట్టుకుంటుంది, మొత్తం రేటు 10 శాతం దాటకూడదు. అంటే రిజర్వులో 53 లక్షలు పెట్టుకుని కూడా 10 లక్షలే పంచగలరు. అదే డబ్బు, అదే కంపెనీ. సంతకం పెట్టి తలుపుకు తాళం వేసుకున్నది మీరే.

నా మాటైతే ఆ 3,16,000 కూడా అక్కర్లేదు. సేటుకు సెంటిమెంట్ ఉంటే అది ఉంచు.

పాలమూరు_సీఎస్ (8 సెప్టెంబర్, రాత్రి 8:35)

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను సార్. "ఫ్రీ రిజర్వులు" అంటే చట్టంలో ఉన్న అర్థం, డివిడెండ్‌గా పంచడానికి అందుబాటులో ఉన్న రిజర్వులు అని. సర్‌ప్లస్ నిల్వ కూడా అలాంటిదే కదా? మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఇద్దరు లాభం చాలని ఏడాదిలో సర్‌ప్లస్‌లోంచి ఇచ్చినా మూడో రూల్ వర్తింపజేస్తారు. ఆ లెక్కన మీ మొదటి దారిలో కూడా 15 శాతం కుదరదు, 10 శాతమే.

ఆడిట్_నల్లగొండ (8 సెప్టెంబర్, రాత్రి 10:05)

ఆ వాదన విన్నాను. నేను ఒప్పుకోను. ఆ రూల్‌కు ఆధారమైన వాక్యంలో "ముందు ఏళ్ళలో సంపాదించి, ఫ్రీ రిజర్వులకు బదిలీ చేసిన లాభాలు" అని ఉంది. బదిలీ చేయని దానికి ఆ వాక్యం ఎలా తగులుతుంది? అదే సెక్షన్ మొదట్లో, ముందు ఏళ్ళ పంచని లాభాల్లోంచి ఇవ్వొచ్చని వేరుగా చెప్పారు. రెండూ ఒకటే అయితే రెండు సార్లు రాసే పనేముంది?

పాలమూరు_సీఎస్ (8 సెప్టెంబర్, రాత్రి 10:20)

మాటల లెక్కన మీదే బలంగా ఉంది, ఒప్పుకుంటాను. అయినా నా సంతకం పడే ఫైల్లో నేను జాగ్రత్త వైపే ఉంటాను. ఒక విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే: 15 లక్షలు రిజర్వుకు మార్చాక మూడో రూల్ నుంచి తప్పించుకునే వాదనే ఉండదు.

బత్తాయి_రైతు (9 సెప్టెంబర్, ఉదయం 6:50)

మాది నల్లగొండ జిల్లాలో బత్తాయి రైతుల ప్రొడ్యూసర్ కంపెనీ. ఇదంతా చదివి మా సీఈవోకు రిజర్వు వేయడం మానేద్దామని చెప్పాను, ఆయన కుదరదన్నాడు. మరి మీరేమో మన ఇష్టం అంటున్నారు? మాకు డివిడెండ్ కూడా షేరు లెక్కన కాదట, కాయ ఎంత పోస్తే అంత బోనస్ అంటున్నాడు.

ఆడిట్_నల్లగొండ (9 సెప్టెంబర్, ఉదయం 8:30)

మీ సీఈవో చెప్పిందే నిజం. ప్రొడ్యూసర్ కంపెనీలకు అదే చట్టంలో వేరే అధ్యాయం ఉంది. మీకు ప్రతి ఏడాదీ జనరల్ రిజర్వు తప్పనిసరి, మానే హక్కు బోర్డుకు లేదు. షేర్ల మీద ఇచ్చేదానికి ఆర్టికల్స్‌లో హద్దు ఉంటుంది. ఆ తర్వాత మిగిలింది ఎవరు ఎంత సరుకు ఇచ్చారో దాని ప్రకారం ప్యాట్రనేజ్ బోనస్‌గా పంచుతారు. శ్రీను మిల్లు లెక్క మీకు పనికిరాదు.

శ్రీను_మిర్యాలగూడ (11 సెప్టెంబర్, రాత్రి 7:55)

సేటుకు ఆ రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపించాను. "అట్లయితే 3,16,000తోనే ఆపు" అన్నారు. బోర్డు మీటింగ్ అయిపోయింది, 15 శాతం సిఫారసు చేశారు. వార్షిక సమావేశం సెప్టెంబర్ 27 శనివారం. పెద్దాయన, సీఎస్ గారు చెప్పినట్టు శాంక్షన్ లెటర్ కూడా తీశాను. నిజంగానే డివిడెండ్‌కు బ్యాంకు ముందస్తు అనుమతి కావాలని తొమ్మిదో పేరాలో ఉంది. లెటర్ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.

పాలమూరు_సీఎస్ (11 సెప్టెంబర్, రాత్రి 8:40)

శ్రీను గారూ, తేదీలు జాగ్రత్త. ప్రకటించిన ఐదు రోజుల్లోపు మొత్తం 15 లక్షలు విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలి. 27 నుంచి ఐదో రోజు అక్టోబర్ 2. ఈసారి దసరా, గాంధీ జయంతి రెండూ ఆ రోజే, బ్యాంకు ఉండదు. 29 సోమవారమే వేసేయండి, ఖాతా కూడా ఇప్పుడే తెరిపించి పెట్టుకోండి. వాటాదారులకు 30 రోజుల్లో, అంటే అక్టోబర్ 27 లోపు చేరాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ మీద పడుతుంది.

టీడీఎస్ కూడా ఉంది. ఒక వాటాదారుకు ఏడాదిలో డివిడెండ్ 10,000 దాటితే 10 శాతం కోయాలి. ఈ ఏప్రిల్ దాకా ఆ హద్దు 5,000 ఉండేది. లక్ష షేర్లున్న వాళ్ళకు మీ దగ్గర 1,50,000 వస్తుంది, 15,000 కోసి 1,35,000 పంపుతారు. పాన్ ఇవ్వని వాళ్ళు ఉంటే 20 శాతం, ముందే అడిగి పెట్టుకోండి.

శ్రీను_మిర్యాలగూడ (11 సెప్టెంబర్, రాత్రి 9:05)

పాన్ ఒకరిది లేదు, సేటు మేనత్తది. ఆమె దేవరకొండలో ఉంటుంది, ఫోన్ ఎత్తదు. ఆదివారం మనిషిని పంపిస్తా. బ్యాంకు అనుమతి 27 లోపు రాకపోతే ఏం చేయాలి సార్? డివిడెండ్ తీర్మానం వాయిదా వేయొచ్చా, లేక సమావేశమే వాయిదా వేయాలా?

విశ్రాంత_బ్యాంకర్ (11 సెప్టెంబర్, రాత్రి 9:30)

సమావేశం ఆపకండి, సెప్టెంబర్ 30 దాటితే వేరే తలనొప్పి. రేపు పొద్దున్నే బ్రాంచికి వెళ్ళి, మీ లెటర్ అక్కడే ఉందా, రీజనల్ ఆఫీసుకు వెళ్ళిందా కనుక్కోండి. అక్కడే ఉంటే కూర్చుని పంపించుకుని రండి. మేం చేసినంత కాలం ఆ లెటర్లు ట్రేలోనే ఉండేవి.

ఆడిట్_నల్లగొండ (11 సెప్టెంబర్, రాత్రి 10:10)

అనుమతి రాకపోతే సమావేశం జరుపుతూ డివిడెండ్ అంశం మీద బోర్డు తన సిఫారసు వెనక్కి తీసుకోవచ్చు. లెక్కలు ఆమోదం పొందుతాయి, 30,84,000 అలాగే ముందుకు పోతుంది. ఆ తర్వాత అనుమతి వచ్చినప్పుడు, అప్పటిదాకా ఈ ఏడాది నష్టం రాకుండా ఉంటే, సర్‌ప్లస్‌లోంచి మధ్యంతర డివిడెండ్‌గా బోర్డే ఇవ్వొచ్చు, మళ్ళీ సమావేశం అక్కర్లేదు. ఐతే ఒకటి, నోట్స్‌లో 15 లక్షలు ప్రతిపాదించామని ఇప్పటికే రాసి సంతకాలు అయ్యాయా?

శ్రీను_మిర్యాలగూడ (11 సెప్టెంబర్, రాత్రి 10:16)

బోర్డు సంతకాలు అయ్యాయి సార్, ఆడిటర్ సంతకం రేపు.

ఆడిట్_నల్లగొండ (11 సెప్టెంబర్, రాత్రి 10:20)

అయితే రేపు పొద్దున ముందు ఆడిటర్‌కు ఫోన్ చెయ్, బ్యాంకు తర్వాత. బ్యాంకు అనుమతి పెండింగ్‌లో ఉందని ఆయనకు తెలియాలి. నోట్‌లో ఆ మాట చేర్చాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం.